డబ్బులు పడ్డాకే పార్సిల్

పాత వస్తువు అమ్మకంలో రెండు క్షణాలు కీలకం. డబ్బు అమ్మినవారి ఖాతాలో పడే క్షణం ఒకటి, వస్తువు చేయి దాటే క్షణం ఇంకొకటి. కొనేవారు ఇంటికి వచ్చి, చూసి, బేరమాడి, డబ్బిచ్చి పట్టుకెళ్తే ఈ రెండూ ఒకే గుమ్మం దగ్గర ఒకే నిమిషంలో జరిగిపోతాయి. కొనేవారు వేరే ఊళ్లో ఉండి కొరియర్‌లో పంపమన్నప్పుడు వాటి మధ్య ఎడం వస్తుంది. గంటల నుంచి రోజుల దాకా సాగే ఆ ఎడంలో ఒకరు ఇంకొకరిని నమ్మాలి. ఓఎల్‌ఎక్స్‌లో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో, కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో ప్రకటన పెట్టిన వారికి వచ్చే మోసపు ఫోన్లన్నీ ఈ ఎడాన్ని వాడుకోవడానికి వచ్చేవే.

మోసాన్ని పట్టుకోవాలంటే ముందు నిజమైన కొరియర్ పని ఎలా సాగుతుందో తెలిసి ఉండాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. హనుమకొండలో ఒక ఇంట్లో పిల్లాడు నేర్చుకుని వదిలేసిన 61 మీటల కీబోర్డు ఉంది. దాని బరువు 5 కిలోలు. అడుగుతున్న ధర 12,000 రూపాయలు. నిజంగా కొనాలనుకున్నవారు విశాఖపట్నంలో ఉన్నారు. వీడియో కాల్‌లో కీబోర్డు వాయించి చూపమంటారు, ఏ మీటైనా పలకడం లేదా అని అడుగుతారు, అడాప్టర్ ఒరిజినలేనా అని అడుగుతారు, వెయ్యో రెండు వేలో తగ్గించమంటారు. 10,500కు బేరం కుదురుతుంది. కొరియర్ ఖర్చు ఎవరిదో కూడా అప్పుడే మాట్లాడుకుంటారు.

ఇక ప్యాకింగ్. థర్మాకోల్, బబుల్ షీటు చుట్టి అట్టపెట్టెలో పెడితే అది దాదాపు 100 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 20 ఎత్తు వస్తుంది. కొరియర్ వాళ్లు కాటా బరువుతో పాటు పెట్టె ఆక్రమించే చోటును కూడా లెక్కిస్తారు. చాలా సంస్థలు ఈ మూడు కొలతలను హెచ్చవేసి 5000తో భాగిస్తాయి. ఇక్కడ 80,000ను 5000తో భాగిస్తే 16 కిలోలు. కాటా మీద ప్యాకింగ్‌తో కలిపి ఏడు కిలోలు కూడా తూగని పెట్టెకు 16 కిలోల చార్జీ పడుతుంది. ఈ లెక్క ముందే వేసుకుంటే తర్వాత గొడవ ఉండదు. అంతకంటే పెద్ద లాభం ఇంకొకటుంది. చార్జీ ఎంత అవుతుందో, దాన్ని ఎక్కడ కట్టాలో తెలిసిన అమ్మకందారును ‘కొరియర్ ఆఫీసు నుంచి’ అంటూ వచ్చే ఫోను అంత తేలిగ్గా తడబెట్టలేదు.

పార్సిల్‌ను కౌంటరుకు తీసుకెళ్లి ఇవ్వవచ్చు, లేదా సంస్థ యాప్‌లో పికప్ బుక్ చేయవచ్చు. ఎలా చేసినా బుక్ చేసేది పంపేవారే. తీసుకున్నందుకు ఒక నంబరు ఇస్తారు. దాన్ని డాకెట్ నంబరనీ, ట్రాకింగ్ నంబరనీ, ఏడబ్ల్యూబీ అనీ అంటారు. పెట్టె మీది బార్‌కోడ్‌ను మొదటిసారి స్కాన్ చేశాకే సంస్థ వెబ్‌సైటులో కదలిక కనిపిస్తుంది. ఈ పనిలో ఎక్కడా కొరియర్ కుర్రాడు గుమ్మంలో నిలబడి పంపేవారి చేతికి వస్తువు ధర ఇవ్వడు. అందుకున్నవారి దగ్గర డబ్బు వసూలు చేసి పంపినవారికి చేర్చే క్యాష్ ఆన్ డెలివరీ పద్ధతి ఉన్నమాట నిజమే. అందులోనూ డబ్బు వచ్చేది పార్సిల్ అక్కడికి చేరాకే. సాధారణంగా ఆ సౌకర్యం సంస్థతో ముందే ఒప్పందం ఉన్న వ్యాపారులకు దొరుకుతుంది.

ఇప్పుడు అదే కీబోర్డుకు వచ్చే రెండో రకం ఫోను చూద్దాం. ప్రకటన పెట్టిన పావుగంటలోనే వస్తుంది. మాట ఎక్కువగా హిందీలో ఉంటుంది. అవతలి మనిషి తాను సైన్యంలోనో సీఐఎస్ఎఫ్‌లోనో పనిచేస్తున్నానని, ఈమధ్యే బదిలీ అయిందని చెబుతాడు. అడక్కుండానే ఐడీ కార్డు ఫోటో, యూనిఫాంలో ఉన్న ఫోటో వాట్సాప్ చేస్తాడు. కీబోర్డు ఏ కంపెనీదో, ఎన్నేళ్లు వాడారో అడగడు. 12,000 అంటే 12,000కే ఒప్పుకుంటాడు. పాత సామానుకు బేరమాడని మనిషి మన దగ్గర ఎంత అరుదో అందరికీ తెలుసు. అసలు మొదటి అనుమానం ఇక్కడే రావాలి. యూనిఫాం ఫోటో నమ్మకం కలిగించడానికి వాడే ముసుగు మాత్రమే. ఆ కార్డు ఇంకెవరిదో అయి ఉంటుంది.

తర్వాత మాట ఇలా సాగుతుంది.

“మేడమ్, నేను డ్యూటీలో ఉన్నాను, రాలేను. మా కొరియర్ అబ్బాయి వచ్చి తీసుకుంటాడు. డబ్బులు ఇప్పుడే వేసేస్తాను. ముందు 5 రూపాయలు వేసి చూస్తాను, పడ్డాయేమో చెప్పండి.”

అయిదు రూపాయలు నిజంగానే పడతాయి. వెంటనే వాట్సాప్‌లో ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. దాని మీద 12,000 అని, ‘అందుకోండి’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్కలు రాసి ఉంటాయి.

“ఆ స్కానర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి మేడమ్, మీ అకౌంట్‌లో పడిపోతాయి. ఫోన్ పెట్టేయకండి, లైన్‌లోనే ఉండండి.”

ఈ ఒక్క నిమిషంలో తెర మీద ఏం జరుగుతోందో నిదానంగా చూడాలి. క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయగానే చెల్లింపు యాప్ డబ్బు పంపే పేజీ తెరుస్తుంది. పైన ఎవరికి పంపుతున్నారో ఆ పేరు, కింద మొత్తం, అడుగున Pay అన్న బటన్ కనిపిస్తాయి. అది నొక్కితే పిన్ అడిగే పేజీ వస్తుంది. అక్కడ కూడా పైభాగంలో అదే పేరు, అదే మొత్తం ఉంటాయి. ఫోటో మీద ఏం రాసి పంపినా యాప్ మాత్రం అబద్ధం చెప్పదు. మోసగాడు ఫోన్ పెట్టేయనివ్వకుండా గబగబా మాట్లాడుతూనే ఉండేది ఆ రెండు వరుసలు చదవనివ్వకుండా చేయడానికే. నాలుగంకెలో ఆరంకెలో ఉండే యూపీఐ పిన్‌కు డబ్బు పంపేటప్పుడూ, ఖాతాలో నిల్వ చూసుకునేటప్పుడూ పని ఉంటుంది. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు, ఏ లింకూ నొక్కనక్కర్లేదు. మొదట పంపిన 5 రూపాయలు కూడా పిన్ లేకుండానే పడ్డాయన్నది ఆ హడావుడిలో ఎవరికీ తట్టదు.

2021 ఫిబ్రవరిలో ఢిల్లీలో పాత సోఫా అమ్మబోయిన ఒక యువతి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ముందు చిన్న మొత్తం వచ్చింది, తర్వాత క్యూఆర్ కోడ్ వచ్చింది. స్కాన్ చేస్తే 20,000 రూపాయలు పోయాయి. పొరపాటున తప్పు కోడ్ పంపానని, ఇంకొకటి స్కాన్ చేస్తే అంతా వెనక్కి వస్తుందని అవతలివాడు నమ్మించాడు. రెండోసారి 14,000 పోయాయి. చదువుకున్నవాళ్లు ఇలా ఎలా మోసపోతారని తీసిపారేయడం తేలిక. పోయిన డబ్బు తిరిగి తెచ్చుకోవాలన్న ఆత్రంలో మనిషికి ఎదురుగా ఉన్న అక్షరాలు కనిపించవు. రెండో దెబ్బ ఆ ఆత్రం మీదే కొడతారు.

ఒకప్పుడు ఈ పనికి క్యూఆర్ కోడ్ కూడా అవసరం ఉండేది కాదు. యూపీఐలో ఒకరు ఇంకొకరిని డబ్బు అడిగే ‘కలెక్ట్ రిక్వెస్ట్’ పంపి, దాన్ని డబ్బు వచ్చినట్టుగా నమ్మించేవారు. యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వ్యక్తుల మధ్య ఈ సౌకర్యాన్ని 2025 అక్టోబరు 1 నుంచి ఆపేసింది. ఒక తలుపు మూసుకుంది కానీ, స్కాన్ చేసి తమ చేతులారా పంపేవారిని ఆపే తాళం ఏ యాప్‌లోనూ లేదు.

పిన్ అడగకుండా చేసే మోసం ఇంకొకటుంది. 12,000 వేయబోయి 21,000 వేశానని కొన్నాననేవాడు కంగారుగా ఫోన్ చేస్తాడు. అదే సమయానికి ఖాతాలో 21,000 జమ అయినట్టు ఒక ఎస్ఎంఎస్ కూడా వస్తుంది. ఆస్పత్రి ఖర్చుకు దాచిన డబ్బని, ఎక్కువైన 9,000 వెంటనే తిరిగి పంపమని బతిమాలుతాడు. జాగ్రత్తగా చూస్తే ఆ సందేశం పదంకెల మొబైల్ నంబరు నుంచి వచ్చి ఉంటుంది. బ్యాంకు సందేశాలు మామూలు నంబర్ల నుంచి రావు. అక్షరాలతో కూడిన పేరు నుంచి వస్తాయి. 2025 నుంచి ఆ పేరు చివర సందేశం ఏ రకానిదో తెలిపే S, T, P, G అక్షరాల్లో ఒకటి కూడా ఉంటోంది. అయినా సందేశం ఎవరి పేరుతో వచ్చిందన్న చర్చ కంటే ఖాతా తెరిచి నిల్వ చూడటం నయం. మోసగాడు పంపిన స్క్రీన్‌షాట్, టిక్కు పడిన ఆకుపచ్చ తెర, అందులోని 12 అంకెల రిఫరెన్స్ నంబరు, ఇవన్నీ నకిలీ యాప్‌లతో క్షణాల్లో తయారవుతాయి. ‘మీ సర్వర్ స్లోగా ఉంది, పది నిమిషాల్లో పడతాయి’ అంటే ఆ పది నిమిషాలూ ఆగడమే సమాధానం. యూపీఐలో పంపిన డబ్బు సాధారణంగా సెకన్లలో పడుతుంది. అరుదుగా మధ్యలో ఆగినా, నిల్వలో కనిపించేదాకా అది రానట్టే లెక్క.

చెక్కు విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. అమ్మకందారు ఖాతాలో చెక్కు వేసి రసీదు ఫోటో పంపేవారున్నారు. చెక్కు వేయగానే బ్యాంకు నుంచి సందేశం కూడా రావచ్చు. అది పాసయ్యాకే ఆ సొమ్ము వాడుకోవడానికి వీలవుతుంది. బౌన్స్ అయితే లెక్కల్లో కనిపించిన అంకె కూడా పోతుంది.

ఇక పికప్ పేరుతో చేసే మోసాలు. ఇందులో మొదటి రకం ఊరికే ఫోన్ మీద నడుస్తుంది. కొన్నానన్న మనిషి తానే కొరియర్ బుక్ చేశానంటాడు. కొద్దిసేపటికి ఆ కొరియర్ సంస్థ ఉద్యోగినంటూ ఇంకొకరు ఫోన్ చేస్తారు. పార్టీ కట్టిన 12,000 తమ దగ్గర ఉన్నాయని, పికప్‌కు కుర్రాడు బయల్దేరాడని, ముందు 750 రూపాయల ఇన్సూరెన్స్ కడితే వస్తువు ధరతో కలిపి 12,750 ఇస్తామని చెబుతారు. కట్టాక జీఎస్టీ అంటారు, తర్వాత గేట్ పాస్ అంటారు. ప్రతిసారీ అంతా తిరిగి వస్తుందనే మాట ఒకటే. నిజమైన కొరియర్‌లో ఇన్సూరెన్స్ ఉంటుంది. అది బుక్ చేసినవారు చార్జీతో కలిపి సంస్థకు కట్టేది, దానికి రసీదు ఉంటుంది, తిరిగి ఇచ్చేది కాదు. తిరిగి ఇస్తామన్న చార్జీ అన్నమాట వినపడితే ఆ ఫోను అక్కడితో ఆపేయవచ్చు.

ఇదే ఫోనులో కొందరు డబ్బుకు బదులు ఇంకొకటి అడుగుతారు. పికప్ కుర్రాడికి అడ్రస్ దొరకడం లేదని, అతనితో మాట్లాడాలంటే *21* కొట్టి, తర్వాత ఫలానా పదంకెల నంబరు, చివర # నొక్కి డయల్ చేయమని చెబుతారు. అది కుర్రాడికి చేసే ఫోను కాదు. ఆ ఫోనుకు వచ్చే కాల్స్ అన్నీ ఆ నంబరుకు మళ్లించే ఆజ్ఞ. బ్యాంకు నుంచి, వాట్సాప్ నుంచి ఓటీపీ చెప్పడానికి వచ్చే కాల్స్ కూడా అటే పోతాయి. పొరపాటున డయల్ చేసినవారు ##002# కొడితే మళ్లింపులన్నీ రద్దవుతాయి. పికప్ ఖాయం చేయడానికి ఒక యాప్ వేసుకోమని ఏపీకే ఫైలు పంపడం కూడా ఈ కోవలోదే. అది ఫోనులోకి చేరితే సందేశాలు చదివే వీలు మోసగాడికి దొరుకుతుంది.

రెండో రకంలో మనిషి నిజంగానే గుమ్మంలోకి వస్తాడు. అందుకే ఇది ఎక్కువ ప్రమాదకరం. సాయంత్రం వేళ టీషర్టు, హెల్మెట్ వేసుకున్న కుర్రాడు బండి మీద వచ్చి కీబోర్డు తీసుకెళ్లడానికి వచ్చానంటాడు. అదే నిమిషంలో కొన్నతను ఫోన్ చేసి డబ్బులు వేసేశానని స్క్రీన్‌షాట్ పంపుతాడు. బయట కుర్రాడు ఇంకో ఆర్డరుకు టైమవుతోందని తొందరపెడతాడు. వస్తువు ఇచ్చేస్తారు, డబ్బు రాదు. ఆ కుర్రాడు చాలాసార్లు దొంగ కాదు. ఊళ్లో సామాన్లు చేరవేసే యాప్‌లో ఎవరో పెట్టిన ఆర్డరు తీసుకున్న పనివాడు మాత్రమే. అతని మీద అరవడం వల్ల లాభం లేదు, అతని ఫోను చూపమనడం వల్ల ఉంది. ఆర్డరులో దింపాల్సిన చోటు ఏమని ఉందో మర్యాదగా అడగవచ్చు. కొన్నతను విశాఖలో ఉన్నానని చెప్పి ఉంటే, ఆర్డరులో వరంగల్ బస్టాండు ఎదుటి టీకొట్టు ఉంటే విషయం తేలిపోతుంది. కుర్రాడిని రెండు నిమిషాలు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి నిల్వ చూసుకోవాలి. డబ్బు పడకపోతే వస్తువు ఇవ్వకుండా పంపేయాలి.

పెట్టె మీద అంటించమని కొన్నవారే లేబుల్ పీడీఎఫ్ పంపినా ఇదే సూత్రం. బుకింగ్ ఎవరి పేరున ఉందో చిరునామా మార్చే వీలు, దారిలో ఆపే వీలు సాధారణంగా వారి చేతిలో ఉంటాయి. అందుకే కొరియర్ ఖర్చు కొన్నవారిదే అయినా దాన్ని ముందే ధరతో కలిపి తీసుకుని, అమ్మినవారే తమ ఫోను నుంచి బుక్ చేయడం మంచిది.

ఇక చివరి మోసంలో డబ్బు నిజంగానే పడుతుంది. దీని గురించి చాలామందికి తెలియదు. మోసగాడు హనుమకొండ కీబోర్డు ఫోటోలతో ఇంకో ఊళ్లో తానే ప్రకటన పెడతాడు. అక్కడ ఒకరు కొనడానికి వస్తే, డబ్బు వేయమని హనుమకొండ అమ్మకందారు యూపీఐ ఐడీ ఇస్తాడు. డబ్బు పడుతుంది, వస్తువు మోసగాడు చెప్పిన చిరునామాకు పోతుంది, డబ్బు కట్టిన మనిషికి ఏమీ అందదు. అతను ఫిర్యాదు చేస్తే పోలీసులకు కనిపించేది డబ్బు పడ్డ ఖాతాయే. తప్పేమీ చేయని అమ్మకందారు సొమ్మును బ్యాంకు ఆపేస్తుంది, కొన్నిసార్లు ఖాతా మొత్తం స్తంభిస్తుంది. దీన్ని పసిగట్టే ఆధారం పేరు. మాట్లాడిన మనిషి పేరు, డబ్బు పంపిన ఖాతాలోని పేరు, పార్సిల్ చేరాల్సిన పేరు, ఈ మూడూ కలవాలి. తేడా ఉంటే తమ్ముడి అకౌంట్, ఫ్రెండ్ అకౌంట్ అన్న మాటతో సరిపెట్టుకోకుండా ఆ ఖాతా మనిషితో వీడియో కాల్‌లో ఒకసారి మాట్లాడాలి. అతను ఏ వస్తువు కోసం, ఎవరికి డబ్బు కట్టానని అనుకుంటున్నాడో అడిగితే నిజం బయటపడుతుంది. ప్రకటన ఫోటోలో వస్తువు పక్కన చేతిరాతతో ఊరి పేరు, తేదీ ఉన్న కాగితం పెట్టి తీస్తే ఆ ఫోటోను ఇంకొకరు వాడుకోవడం కూడా కష్టమవుతుంది.

ఇన్ని జాగ్రత్తల మధ్య నిజాయితీ గల కొనుగోలుదారు భయాన్ని మరచిపోకూడదు. ముందే మొత్తం డబ్బు వేయమంటే ఆ మనిషికీ గుండె దడే. వీడియో కాల్‌లో వస్తువును ఆన్ చేసి చూపడం, సీరియల్ నంబరు ఫోటో పంపడం, ప్యాకింగ్‌ను పెట్టె మూసేదాకా ఆపకుండా వీడియో తీయడం, డాకెట్ ఇచ్చిన వెంటనే ఫోటో పంపడం వల్ల ఆ భయం చాలావరకు తీరుతుంది. ఆ వీడియో రేపు వస్తువు పగిలిందనో, పెట్టెలో రాయి వచ్చిందనో తగాదా వచ్చినా పనికొస్తుంది. పెద్ద వస్తువుకు, పగిలే వస్తువుకు కొరియర్ మాటే వద్దని, వచ్చి చూసి తీసుకెళ్లేవారికే ఇస్తామని ప్రకటనలోనే రాయడం ఇంకా సుఖం. ధర రెండు వేలు తగ్గినా అదే లాభం.

డబ్బు పోయిందని తెలిసిన తర్వాత ప్రతి నిమిషం లెక్కలోకి వస్తుంది. పోయిన సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి ఏటీఎంకు పరుగెడుతుంది. దాన్ని దారిలో ఆపడానికి కేంద్ర ప్రభుత్వం నడిపే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. cybercrime.gov.in లోనూ ఫిర్యాదు రాయవచ్చు. డబ్బు పోయిన సమయం, మొత్తం, తమ బ్యాంకు స్టేట్‌మెంటులో ఉండే 12 అంకెల రిఫరెన్స్ నంబరు, డబ్బు చేరిన యూపీఐ ఐడీ దగ్గర పెట్టుకోవాలి. బ్యాంకుకూ వెంటనే తెలపాలి. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఖాతాదారు తన అజాగ్రత్త వల్ల వివరాలు బయటపెట్టిన కేసుల్లో, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం ఖాతాదారుదే. వాట్సాప్ సంభాషణ, కాల్ లాగ్ చెరపకూడదు. సిగ్గుతో ఇంట్లో చెప్పకుండా రెండు రోజులు దాచిపెట్టేవారు చాలామంది. ఆ రెండు రోజుల్లో ఆపగలిగిన డబ్బు కూడా చేజారిపోతుంది.

ఇంట్లో పాత సామాను అమ్మే పని చాలాసార్లు పగలు ఇంట్లో ఉండే పెద్దవాళ్ల మీద పడుతుంది. ప్రకటన పెట్టే ముందే వాళ్లకు పిన్ అడిగే పేజీ ఒకసారి తెరిచి, పైన కనిపించే ఆ పేరును, మొత్తాన్ని చూపించండి. 1930ని వాళ్ల ఫోనులో సేవ్ చేసి పెట్టండి.